విదేశాల నుంచి పండుగ పెట్టెలు పంపేవారికి ఆర్డర్ పేజీలో గడువు వాక్యం ఎలా రాయాలి?

కొత్తపేట పిండివంటలు

అందరికీ నమస్కారం. హైదరాబాద్ కొత్తపేటలో మాకు చిన్న పిండివంటల తయారీ ఉంది. పండుగ రోజుల్లో మాకు వచ్చే ఆర్డర్లలో సగానికి పైగా విదేశాల్లో ఉన్న పిల్లలు ఇక్కడి తల్లిదండ్రులకు పంపించేవే. మా వెబ్ పేజీలోని మాటలన్నీ నేనే రాసుకున్నాను, వాటిలో ఒక్క వాక్యం మొన్న సంక్రాంతికి మమ్మల్ని ముంచింది.

ఆ వాక్యం ఇది: "భోగి నాటికి మీ ఇంట్లో మా పిండివంటలు. ఆర్డర్లకు చివరి గడువు జనవరి 12 అర్ధరాత్రి."

డాలస్ నుంచి ఒకాయన 12వ తేదీ రాత్రి 9 గంటల 40 నిమిషాలకు, అంటే తన లెక్క ప్రకారం గడువుకు రెండు గంటలకు పైగా ముందే, నిజాంపేటలో ఉన్న అమ్మగారికి అరిసెలు, సకినాలు, నువ్వుల లడ్డూల పెట్టె ఆర్డర్ చేశారు. అప్పటికి ఇక్కడ 13వ తేదీ ఉదయం 9 గంటల 10 నిమిషాలు అయింది. మా ప్యాకింగ్ జాబితా ఆ ఉదయం 6 గంటలకే ముగిసిపోయింది, కానీ పేజీ మాత్రం డబ్బు తీసుకుంది. పెట్టె 16వ తేదీ కనుమ నాడు సాయంత్రం చేరింది. ఆయన చాలా నొచ్చుకున్నారు, ఆ నొచ్చుకోవడంలో తప్పేమీ లేదు. డబ్బు మొత్తం వెనక్కి ఇచ్చేశాను.

ఈసారి దీపావళి నవంబర్ 8న, ఆదివారం వస్తోంది. గడువు వాక్యాన్ని ఎలా రాస్తే ఎవరూ పొరబడకుండా ఉంటారో తెలిసినవారు చెప్పగలరా?

ప్లేనోలో పదేళ్లు

నేను డాలస్ పక్కనే ఉంటాను, ఏటా రెండు మూడు సార్లు ఇలాంటి పెట్టెలు పంపిస్తుంటాను కాబట్టి కొనేవాడి వైపు నుంచి చెబుతున్నాను. మీ వాక్యంలో లోపం ఎవరి గడియారమో చెప్పకపోవడమే. "హైదరాబాద్ సమయం ప్రకారం" అని రాసి, పక్కనే చిన్న పట్టిక పెట్టండి. మాకూ మీకూ పదిన్నర గంటల తేడా, న్యూయార్క్ వారికి తొమ్మిదిన్నర, కాలిఫోర్నియా వారికి పన్నెండున్నర. గడువు గంట వేసి తేడా తీసేస్తే సరిపోతుంది. ఇది ఐదు నిమిషాల పని.

ఊరగాయ ప్రియ

ఇదే విషయంలో నాకూ సలహా కావాలి. మా అమ్మాయి న్యూజెర్సీలో ఉంది. ఆవకాయ, గోంగూర ఇక్కడి నుంచి పంపిస్తే నూనె కారకుండా ఎలా ప్యాక్ చేయించాలి, కిలోకు ఎంత తీసుకుంటారు, ఎన్ని రోజుల్లో చేరుతుంది అనేది ఎవరైనా చెప్పండి.

నల్లకుంట రాతగాడు

ఊరగాయ ప్రియ గారూ, మీరు ఇక్కడి నుంచి అక్కడికి పంపడం గురించి అడుగుతున్నారు. వీరి ప్రశ్న అక్కడివారు కొని ఇక్కడివారికి చేర్పించడం గురించి. ఇందులో పెట్టె సముద్రం దాటదు, దాటేది డబ్బూ మాటలే. మీ ప్రశ్నకు వేరే చర్చ మొదలుపెడితే దానికి తగిన జవాబులు వస్తాయి.

ఇక అసలు విషయం. నేను చాలా ఏళ్లుగా దుకాణాలకు, చిన్న వ్యాపారాలకు ప్రకటన వాక్యాలు రాస్తున్నాను. ప్లేనో గారు చెప్పిన దానిలో సగం సరైనదే. గడియారం ఎవరిదో చెప్పాలి, నిజమే. అయితే ఆ పట్టిక మాత్రం ఈ దీపావళికి తప్పుతుంది. అమెరికాలో నవంబర్ మొదటి ఆదివారం గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు. ఈ ఏడాది అది నవంబర్ 1, అంటే పండుగకు సరిగ్గా వారం ముందు. మనం ఇక్కడ గడియారాన్ని ముట్టుకోము కాబట్టి ఆ రోజు నుంచి డాలస్‌కూ మనకూ తేడా పదకొండున్నర గంటలు అవుతుంది. అక్టోబర్‌లో రాసిపెట్టిన పట్టికను నమ్మి నవంబర్ మొదటి వారంలో ఆర్డర్ చేసేవారు ఒక గంట ఆలస్యమవుతారు. గడువు దగ్గరపడ్డాక వచ్చేవారే ఎక్కువగా ఆ పట్టిక చూస్తారు కాబట్టి, దెబ్బ తినేది కూడా వారే.

అర్ధరాత్రి అనే మాటను పూర్తిగా మానేయండి. "12 అర్ధరాత్రి" అంటే 12వ తేదీ మొదలయ్యే క్షణమా, ముగిసే క్షణమా అనేది ఒకే ఊళ్లో ఉన్న ఇద్దరికి కూడా ఒకేలా అర్థం కాదు. ఉదయం, సాయంత్రం, రాత్రి పడుకునే ముందు వంటి మాటలకు ఆ చిక్కు లేదు. వారం పేరు కూడా తప్పక రాయండి. పని చేసుకునే మనిషికి తేదీ కన్నా "బుధవారం" అనేది త్వరగా తలకెక్కుతుంది.

ఇంకొక సంగతి మన భాషకు సంబంధించినది. తెలుగు వాక్యంలో క్రియ చివరికి వస్తుంది. "దీపావళి నాటికి మీ తల్లిదండ్రులకు చేరాలంటే బుధవారం సాయంత్రంలోగా ఆర్డర్ చేయాలి" అని రాస్తే ఫోన్‌లో చూసేవారు "దీపావళి నాటికి మీ తల్లిదండ్రులకు" వరకు చదివి, అది హామీ అనుకుని కిందికి జరిపేస్తారు. షరతు చివరన పడి ఉంటుంది. అందుకే గడువును వాక్యం మొదట్లోనే పెట్టి, హామీని తరువాత చెప్పాలి.

ముందుగా ఒక ప్రశ్న. నవంబర్ 8కి పెట్టె చేరాలంటే మీకు ఏ రోజు ఏ గంటకు ఆర్డర్ అందాలి? ఆ లెక్క తేలకుండా నేను వాక్యం రాయలేను.

డెలివరీ లెక్కలు

ఆ లెక్క నేను చెబుతాను, పార్సెళ్ల పంపిణీలో కొన్నేళ్లు పనిచేశాను. పండుగ ఆదివారం వచ్చిందంటే పండుగ నాడు చేరుస్తామని రాయకూడదు. ఆదివారం పనిచేసే కుర్రాళ్లు తక్కువ, అందులోనూ దీపావళి. వారు కూడా తమ ఇళ్లలో దీపాలు పెట్టుకోవాలి కదా. కాబట్టి నిజమైన ఆఖరి రోజు 7వ తేదీ శనివారం. అక్కడి నుంచి వెనక్కి రండి. శనివారం ఇంటికి చేరాలంటే శుక్రవారం ప్యాకింగ్ ముగిసి పెట్టెలు ప్రాంతాల వారీగా విడిపోవాలి. శుక్రవారం ప్యాకింగ్ జరగాలంటే గురువారం వంట అయి చల్లారాలి. వేడి మీద ఉన్న కారప్పూసను డబ్బాలో పెట్టి మూస్తే ఆవిరి పట్టి మెత్తబడుతుంది. గురువారం వంట మొదలవ్వాలంటే ఎంత పిండి కలపాలో బుధవారం రాత్రికి తెలియాలి. అంటే బుధవారం, 4వ తేదీ, సాయంత్రం 6 గంటలు. ఇది హైదరాబాద్ నగరానికి మాత్రమే. వరంగల్, కరీంనగర్ వంటి చోట్లకు కొరియర్‌లో పంపేవాటికి కనీసం ఒక రోజు ముందుకు జరపండి.

గడువు కన్నా నన్ను ఎక్కువ ఏడిపించింది మాత్రం ఫోన్ నంబర్. ఆర్డర్ ఫారంలో "ఫోన్ నంబర్" అని ఒకటే గడి ఉంటుంది. పంపేవారు అలవాటుగా తమ అమెరికా నంబర్ రాసేస్తారు. డెలివరీ కుర్రాడు ఉప్పల్‌లో గేటు ముందు నిలబడి +1 తో మొదలయ్యే నంబర్‌కు ఫోన్ చేయలేడు, చేసినా అక్కడ అర్ధరాత్రి. ఓటీపీ కూడా అక్కడికే వెళుతుంది. పెట్టె తిరిగి గోదాముకు వస్తుంది. నాకు తెలిసినంతలో పండుగ పెట్టెలు ఆలస్యం కావడానికి వంట కారణం కాదు, ఈ ఒక్క గడే.

విశ్రాంత మాస్టారు, మల్కాజిగిరి

నేను పెట్టెలు అందుకునే వర్గం వాడిని, నా అనుభవం కూడా వినండి. మా అబ్బాయి నిరుడు దసరాకు ఎక్కడో ఆన్‌లైన్‌లో పెట్టె పంపించాడు, మాకు చెప్పలేదు. మధ్యాహ్నం భోజనం చేసి కునుకు తీస్తుండగా గుమ్మం ముందు ఒక కుర్రాడు నిలబడి, "సార్, మీ ఫోన్‌కు ఓటీపీ వచ్చింది, చెప్పండి" అన్నాడు. ఎవరు అడిగినా ఓటీపీ చెప్పవద్దని మా అబ్బాయే నాకు పదిసార్లు నూరిపోశాడు, పత్రికల్లో మోసాల వార్తలు కూడా చదువుతూనే ఉన్నాను. నేనేమీ తెప్పించుకోలేదు పొమ్మన్నాను. కుర్రాడు బతిమాలాడు, నేను మరింత అనుమానించి తలుపు వేసేశాను. రాత్రికి అబ్బాయి ఫోన్ చేసి, "నాన్నా, పెట్టె వచ్చిందా?" అని అడిగితే అప్పుడు తెలిసింది. రెండు రోజుల తరువాత మళ్లీ తెచ్చి ఇచ్చారు.

పెట్టె మీద "అమ్మ చేతి రుచి" అని పెద్ద అక్షరాలతో అచ్చువేశారు. మా ఆవిడ లోపలి మైసూర్‌పాక్‌ను విరిచి చూసి, "పాకం ముదిరింది, ఈ అమ్మ ఎవరో గానీ" అంది. నలభై ఏళ్లుగా వంట చేస్తున్న ఆమెకు అమ్మ చేతి రుచి అని చెప్పి పంపడం ఏమిటో నాకు అర్థం కాలేదు.

నల్లకుంట రాతగాడు

మాస్టారూ, మా వృత్తివాళ్లందరం చేసే పొరపాటును మీ ఆవిడ గారు ఒక్క మాటలో పట్టేశారు. "అమ్మ చేతి రుచి" అనే మాట ఇల్లు వదిలి తిండికి మొహం వాచిన కొడుకు కొనుక్కుని తినడానికి పనికొస్తుంది. ఇక్కడ కొనేది కొడుకు, తినేది అమ్మ. ఆమెకు పాకం ఏ బెల్లంతో పట్టారో, నెయ్యా నూనా, ఎన్ని రోజులు నిలువ ఉంటుందో కావాలి. కొడుకుకేమో పెట్టె చేరుతుందా, ఏ రోజు చేరుతుంది, చేరకపోతే నాకు ఎవరు చెబుతారు అనే ఆందోళన ఉంటుంది. పేజీలోని మాటలు ఈ ఆందోళనకు జవాబు చెప్పాలి. మనసు కరిగించే వాక్యాలు ఒకటి రెండు చాలు, ఆ పని అతని ఇంటి మీద బెంగ ఎలాగూ చేస్తుంది.

ఫోన్ గడి విషయానికి వస్తే, పేరు మార్చడమొక్కటే చాలదు. కారణం కూడా చెప్పాలి, ఎందుకంటే పెద్దవాళ్ల నంబర్ ఇవ్వడానికి చాలామంది వెనకాడతారు. నేను ఇలా రాస్తాను:

"పెట్టె అందుకునేవారి ఫోన్ నంబర్ (ఇండియా నంబర్, ఇంట్లో ఎత్తేవారిది). మా కుర్రాడు ఇల్లు కనుక్కోవడానికి ఈ ఒక్క నంబర్‌కే ఫోన్ చేస్తాడు."

దాని కింద వేరే గడి: "మీ వాట్సాప్ నంబర్. పెట్టె చేరగానే మీకు ఫొటో పంపిస్తాము."

రెండో గడి ఉంటే తన నంబర్ రాయడానికి ఒక చోటు దొరికింది కాబట్టి మొదటి దానిలో దాన్ని కుక్కడు. ఇక ఓటీపీ గురించి: మీ సొంత కుర్రాళ్లే అందించే ఇళ్లకు ఓటీపీ తీసేయండి. తీసేశాక "మా కుర్రాడు ఎలాంటి ఓటీపీ, డబ్బు అడగడు" అని పేజీలో రాయండి. అది మాస్టారు వంటివారికి కూడా ధైర్యం, మోసగాళ్లకు కూడా అడ్డు. కొరియర్‌లో వెళ్లేవాటికి ఆ మాట రాయకూడదు, అక్కడ ఓటీపీ మన చేతిలో ఉండదు.

మెల్‌బోర్న్ కోడలు

నేను మెల్‌బోర్న్ నుంచి పుట్టింటికి, అత్తగారింటికి రెండు చోట్లకూ పంపిస్తాను. రెండు విషయాలు చెప్పాలి.

మీరందరూ అమెరికా గురించే మాట్లాడుతున్నారు. మేము మీకన్నా ముందుంటాము. నవంబర్‌లో మాకూ హైదరాబాద్‌కూ ఐదున్నర గంటల తేడా, అంటే మీ సాయంత్రం 6 గంటలు మాకు రాత్రి పదకొండున్నర. అమెరికా వారి కోసం రాసే మాట మాకు వర్తించదని మరచిపోకండి.

రెండోది, "పెట్టెలో ధర కనబడదు" అని చాలా పేజీల్లో రాస్తారు. నేను అది నమ్మి అత్తగారికి పంపించాను. బిల్లు లేదు, నిజమే. కానీ లోపలి ఒక్కొక్క డబ్బా మీద ఎమ్మార్పీ అంటించి ఉంది. ఆవిడ కూర్చుని మొత్తం కూడి, ఇంత డబ్బు పోస్తే ఇంట్లోనే నాలుగింతలు చేసేదాన్నని నాకు ఫోన్‌లో లెక్క అప్పజెప్పారు.

కొత్తపేట పిండివంటలు

మెల్‌బోర్న్ గారూ, సిగ్గుతో ఒప్పుకుంటున్నాను, మా పేజీలో కూడా ఆ వాక్యం ఉంది. ముందుగా ప్యాక్ చేసి అమ్మే డబ్బా మీద ఎమ్మార్పీ తప్పనిసరి, 2011 నాటి ప్యాకేజీ సరుకుల నిబంధనల ప్రకారం మేము దాన్ని తీసేయలేము. అలాంటప్పుడు ధర కనబడదని రాయడం అబద్ధమే. ఈ రోజే మార్చేస్తాను: "పెట్టెలో బిల్లు పెట్టము. చట్టం ప్రకారం డబ్బాల మీద ఎమ్మార్పీ ఉంటుంది."

అందరి మాటలూ కలిపి గడువు భాగాన్ని ఇలా రాశాను, చూడండి:

"నవంబర్ 4, బుధవారం, హైదరాబాద్ సమయం సాయంత్రం 6 గంటలు: నగరంలోని ఇళ్లకు ఆర్డర్ గడువు ఇదే. ఆలోగా అందిన పెట్టెలు శనివారం, 7వ తేదీ లోగా చేరుతాయి. అమెరికాలో ఉన్నవారు అమెరికా కాలమానం ప్రకారం ఉదయం 6:30కి లోగా, లండన్ వారు మధ్యాహ్నం 12:30 లోగా, ఆస్ట్రేలియా వారు రాత్రి 11:30 లోగా ఆర్డర్ చేయగలరు."

నల్లకుంట రాతగాడు

మొదటి రెండు వాక్యాలు బాగున్నాయి, వాటిని కదపకండి. మూడోదానిలో మళ్లీ పాత గోతిలోనే పడుతున్నారు. అమెరికాలో ఒక కాలమానం లేదు. 6:30 అనేది డాలస్‌కు సరిపోతుంది, న్యూయార్క్‌లో అప్పుడు 7:30, కాలిఫోర్నియాలో ఇంకా 4:30. ఆస్ట్రేలియాలో కూడా పెర్త్ గడియారం మెల్‌బోర్న్ కన్నా వెనకే ఉంటుంది.

అమెరికాలోని ఆ మూడు చోట్ల సమయాలను ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. ఎక్కడ చూసినా బుధవారం తెల్లవారుజామో, పొద్దున్నో. ఆ వేళకు లేచి పిండివంటలు ఆర్డర్ చేసేవారు ఉండరు. అంటే అమెరికాలో ఎక్కడ ఉన్నా వారికి నిజమైన ఆఖరి అవకాశం మంగళవారం రాత్రే. కాబట్టి గంటలు చెప్పకండి, ఇలా రాయండి:

"అమెరికాలో ఉన్నవారు: మంగళవారం రాత్రి పడుకునే ముందు ఆర్డర్ చేసేయండి. బుధవారం ఆఫీసుకు వెళ్లాక చేస్తే అందదు."

ఈ వాక్యంలో లెక్క లేదు. గడియారం గంట వెనక్కి తిరిగినా, తిరగకపోయినా ఇది చెల్లుతుంది. లండన్‌కు, మెల్‌బోర్న్‌కు మాత్రం ఊరి పేరు పెట్టి గంట రాయండి. అక్కడ గడువు జనం మేల్కొని ఉన్న వేళలో పడుతుంది కాబట్టి గంట అవసరమే.

రాయడంతో పని అయిపోదు. సంక్రాంతికి మీ పేజీ గడువు దాటాక కూడా డబ్బు తీసుకుంది కదా. 6 గంటలకు "దీపావళికి చేరేలా పంపు" అనే బటన్ మాయమై, దాని చోట "ఇప్పుడు ఆర్డర్ చేస్తే పండుగ తరువాత, 10వ తేదీ మంగళవారం నుంచి చేరుతాయి" అని రావాలి. పేజీ తయారుచేసినవారితో ఆ ఏర్పాటు చేయించుకోండి. అది లేకపోతే నా వాక్యమూ వృథానే.

ప్లేనోలో పదేళ్లు

పట్టిక విషయంలో నాదే పొరపాటు. నవంబర్ 1 సంగతి ఇక్కడ ఉండి కూడా నాకు తట్టలేదు. మంగళవారం రాత్రి అనే మాట నాకు వెంటనే అర్థమైంది.

కానీ అందుకునేవారి నంబర్ తీసుకునేది వారికి ముందే కాల్ చేయడానికైతే, అది మాత్రం నేను ఒప్పుకోను. ఉన్నట్టుండి తలుపు కొట్టి పెట్టె అందితే అమ్మ ముఖంలో వచ్చే సంతోషం కోసమే నేను పంపిస్తాను. ముందు రోజు ఫోన్ చేసి, "అమ్మా, రేపు మీకు పార్సెల్ వస్తుంది" అంటే ఇంకేం మిగిలింది?

విశ్రాంత మాస్టారు, మల్కాజిగిరి

బాబూ, మా వయసులో ఉన్నట్టుండి తలుపు కొడితే సంతోషం కన్నా ముందు గుండె దడ వస్తుంది. పైగా పండుగ ముందు రోజు మేము కూరగాయలకో గుడికో వెళ్లి ఉంటాము. చెప్పి పంపితే ఇంట్లో ఉంటాము.

డెలివరీ లెక్కలు

నేను మాస్టారు వైపే. అయినా అడిగేవారు అడుగుతారు కాబట్టి ఫారంలో ఒక టిక్కు పెట్టవచ్చు: "ముందుగా చెప్పవద్దు. ఇంట్లో ఎవరూ లేకపోతే పెట్టె మరుసటి రోజు వస్తుందని నాకు తెలుసు." అయితే ఈసారి శనివారానికి మరుసటి రోజు పండుగే, ఆ రోజు కుర్రాళ్లు లేరు. కాబట్టి ఆఖరి రోజు పెట్టెలకు ఆ టిక్కు చూపించకూడదు.

మెల్‌బోర్న్ కోడలు

టిక్కు పెట్టినా అందరూ చదవకుండా నొక్కేస్తారని నా అనుమానం. చేరకపోయిన రోజు మళ్లీ మిమ్మల్నే తిడతారు.

కొత్తపేట పిండివంటలు

ఈ ఒక్క విషయం ఇంకా ఆలోచిస్తాను, ఇద్దరి మాటా కాదనలేకుండా ఉన్నాను. మిగిలినవి మార్చి పేజీలో పెట్టేశాను. "అమ్మ చేతి రుచి" తీసేసి, "కాజాలు అరకిలో, మైసూర్‌పాక్ అరకిలో, చెక్కలు, కారప్పూస పావుకిలో చొప్పున. ఇద్దరున్న ఇంటికి సరిపోతుంది. కారం వంటలు వేరుశనగ నూనెతో, తీపి వంటలు నెయ్యితో" అని రాశాను. ప్లేనో గారూ, మీ ఫోన్‌లో ఒకసారి తెరిచి చూస్తారా?

ప్లేనోలో పదేళ్లు

చూశాను. గడువు మొదటి వాక్యం పూర్తిగా కనబడుతోంది. "మంగళవారం రాత్రి" వాక్యం మాత్రం ఆర్డర్ బటన్ కిందికి జారిపోయింది, వేలితో పైకి జరిపితే గానీ కనబడటం లేదు. దాన్ని బటన్ పైకి తీసుకురండి.

కొత్తపేట పిండివంటలు

పేజీ చూసుకునే అబ్బాయికి ఇప్పుడే చెప్పాను. ఈ రాత్రికి పైకి జరుపుతానన్నాడు, జరిగాక ఇక్కడ తెలియజేస్తాను.